బ్లాక్ చేసినా ఆగని ప్లాట్ల మెయిళ్లు: స్పామ్ రిపోర్ట్ నొక్కితే ఫిల్టర్‌కు ఏం తెలుస్తుంది?

క్లుప్తంగా: బ్లాక్ అన్నది సొంత ఇన్‌బాక్స్‌కు ఇచ్చుకునే ఆదేశం. అది ఒక్క అడ్రసుకే, ఒక్క ఖాతాలోనే పనిచేస్తుంది. స్పామ్ రిపోర్ట్ అన్నది మెయిల్ సేవ నడిపే సంస్థకు అప్పగించే సాక్ష్యం. ఆ మెయిల్ ఏ సర్వర్ నుంచి బయల్దేరింది, ఏ డొమైన్ సంతకంతో వచ్చింది, లోపల ఏ లింకులున్నాయి అన్నవన్నీ దాంతో పాటే వెళ్తాయి. అడ్రసులు మారుస్తూ వచ్చే మెయిళ్లకు బ్లాక్ సరిపోదు. తానే చేరిన మెయిలింగ్ జాబితాలను స్పామ్ అని రిపోర్ట్ చేస్తే ఫిల్టర్ తప్పు పాఠం నేర్చుకుంటుంది.

## పద్నాలుగు అడ్రసులు, ఒకటే వెంచర్

హైదరాబాద్‌లో ఈమెయిల్ వాడేవారికి పరిచయమైన సంగతే. షాద్‌నగర్ దగ్గర ఓపెన్ ప్లాట్లు, శంకర్‌పల్లిలో ప్రీలాంచ్ ఆఫర్, యాదాద్రి వైపు గజం ఇంతే అంటూ మెయిళ్లు వస్తుంటాయి. ఎక్కడో సైట్ విజిట్‌కు వెళ్లినప్పుడు రిజిస్టర్‌లో రాసిన అడ్రసో, ఎగ్జిబిషన్ స్టాల్లో లక్కీ డ్రా చీటీ మీద నింపిన అడ్రసో చేతులు మారి ఉంటుంది.

కూకట్‌పల్లిలో ఉండే ఒక ఉద్యోగి జీమెయిల్ ఖాతాను ఉదాహరణగా తీసుకుందాం. ఒకే వెంచర్ గురించి వారానికి మూడు నాలుగు మెయిళ్లు వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ మూడు చుక్కల మెనూలోకి వెళ్లి ఆ అడ్రసును బ్లాక్ చేస్తూ పోయారు. నెల తిరిగేసరికి బ్లాక్ జాబితాలో 14 అడ్రసులు చేరాయి. మెయిళ్లు మాత్రం ఆగలేదు. "జీమెయిల్‌లో బ్లాక్ పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదు ఇలాంటి చోటే పుడుతుంది.

నిజానికి బ్లాక్ తన పని తాను చేస్తూనే ఉంది. ఆ 14 అడ్రసుల్లో దేని నుంచి మళ్లీ మెయిల్ వచ్చినా అది ఇన్‌బాక్స్‌లో కనబడదు, నేరుగా స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది. చిక్కంతా పంపేవాడు ఆ అడ్రసును మళ్లీ వాడకపోవడంలో ఉంది. పెద్ద ఎత్తున స్పామ్ పంపేవారికి అడ్రసులో @ గుర్తుకు ముందున్న భాగం దాదాపు ఖర్చు లేని వస్తువు. ఈరోజు offers, రేపు deals, ఎల్లుండి info21. బ్లాక్ మాత్రం అక్షరం అక్షరం సరిపోలితేనే కదులుతుంది.

## పైకి కనబడే పేరు, లోపల ఉన్న ఊరు

ఆ 14 మెయిళ్లలో దేన్నైనా కంప్యూటర్లో తెరిచి, మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కితే మెయిల్ వెనకనున్న హెడర్ కనబడుతుంది. పోస్టు కవరు మీద చిరునామాతో పాటు తపాలా ముద్రలు ఎలా ఉంటాయో, ఇందులో మెయిల్ ఏ దారిన వచ్చిందో అలా నమోదై ఉంటుంది. డొమైన్ పేర్లు మార్చి, ముఖ్యమైన వరుసలు మాత్రం ఇస్తే ఇలా ఉంటుంది:

```
From: Open Plots <offers@plots7.example.com>
Return-Path: <b-8841@send.example.net>
Authentication-Results: mx.google.com;
  dkim=pass header.i=@example.net
  spf=pass smtp.mailfrom=send.example.net
  dmarc=fail header.from=plots7.example.com
```

మొదటి వరుసలోని From చదివేవారికి కనబడేది. బ్లాక్ చూసేది కూడా దాన్నే. రెండో వరుసలోని Return-Path అసలు పంపిన వ్యవస్థ అడ్రసు. మెయిల్ చేరకపోతే తిరిగి వెళ్లే చోటు అది. మూడో భాగంలో జీమెయిల్ సర్వర్ చేసిన తనిఖీల ఫలితాలున్నాయి. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా డొమైన్ తరఫున మెయిల్ పంపే అనుమతి ఈ సర్వర్‌కు ఉందా అన్న పరిశీలన. డీకిమ్ అంటే మెయిల్ మీద వేసిన డిజిటల్ సంతకం. డీమార్క్ అంటే పైకి కనబడే From డొమైన్, ఆ అనుమతి లేదా ఆ సంతకంలో కనీసం ఒకదానితోనైనా ఒకే ఇంటిదేనా అన్న పరీక్ష.

ఇక్కడ అనుమతీ సంతకమూ example.net పేరు మీద ఖరారయ్యాయి. పైకి కనబడే పేరు మాత్రం వేరే డొమైన్‌ది. అందుకే డీమార్క్ తప్పింది. 14 మెయిళ్లనూ ఇలాగే తెరిచి చూస్తే From వరుస ప్రతిసారీ మారుతుంది. సంతకం చేసిన డొమైన్ మాత్రం ఒకటో రెండో ఉంటాయి. "ప్లాట్ బుక్ చేయండి" అన్న బటన్ వెనకనున్న లింకు కూడా తిరిగి తిరిగి ఒకే సైటుకు చేరుతుంది. డొమైన్ కొనాలంటే డబ్బు పెట్టాలి. దానికి మెయిల్ సేవల దగ్గర కాస్త పేరు రావాలంటే వారాలు పడుతుంది. ప్రాజెక్టు వెబ్‌సైటు, ఫోన్ నంబరు మార్చడం ఇంకా కష్టం. స్పామ్ పంపేవాడు సులువుగా మార్చలేనివి ఇవే. బ్లాక్ వీటి జోలికి పోదు. రిపోర్ట్ వీటినే పట్టుకుంటుంది.

## రిపోర్ట్ నొక్కితే ఏమవుతుంది

జీమెయిల్‌లో `Report spam` నొక్కినప్పుడు ఆ మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, దాని నకలు ఒకటి విశ్లేషణ కోసం గూగుల్‌కు అందుతుంది. హెడర్, పాఠం, లింకులు, అటాచ్‌మెంట్ అన్నీ ఆ నకలులో భాగమే. ఏ అంశానికి ఎంత విలువ ఇస్తారన్నది మెయిల్ సంస్థలు బయటపెట్టవు. పెడితే స్పామ్ పంపేవారే ముందు చదువుకుంటారు. అయినా సూత్రం తెలియనిదేమీ కాదు. చిన్న కార్యాలయాల సొంత మెయిల్ సర్వర్లలో నడిచే స్పామ్‌అసాసిన్ వంటి ఉచిత ఫిల్టర్‌ను గమనిస్తే అది తేటగా అర్థమవుతుంది.

స్పామ్‌అసాసిన్‌లో బేయిజ్ సూత్రం మీద నడిచే ఒక భాగం ఉంది. స్పామ్ అని గుర్తించిన మెయిళ్లు కొన్ని, మంచివని గుర్తించినవి కొన్ని దానికి చూపించాలి. మామూలు అమరికలో రెండు వైపులా 200 చొప్పున చేరేవరకు అది నోరు విప్పదు. ఆ తర్వాత ప్రతి మాటకూ ఒక లెక్క వేసుకుంటుంది. 200 స్పామ్ మెయిళ్లలో 160 చోట్ల "ప్లాట్లు" అన్న మాట ఉంది, 200 మంచి మెయిళ్లలో నాలుగు చోట్లే ఉంది అనుకుందాం. స్పామ్‌లో దాని వాటా 0.80, మంచివాటిలో 0.02. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే 0.976 వస్తుంది. అంటే ఆ ఆఫీసుకు వచ్చే మెయిల్‌లో ఈ మాట కనబడితే అది స్పామ్ వైపు గట్టిగా మొగ్గుతుంది. ఫిల్టర్ ఒక్క మాటతో తీర్పు చెప్పదు. ఇలాంటి పదుల కొద్దీ మాటల మొగ్గును కలిపి చూస్తుంది. అసలు సూత్రంలో కొన్ని సర్దుబాట్లు కూడా ఉంటాయి.

ఇదే ఫిల్టర్‌ను రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్లు రాసేవారి కార్యాలయంలో పెడితే కథ మారుతుంది. అక్కడ 200 మంచి మెయిళ్లలో 120 చోట్ల "ప్లాట్లు" ఉండొచ్చు. లెక్క 0.80ని 1.40తో భాగించడం అవుతుంది, అంటే సుమారు 0.57. మాట అదే అయినా అక్కడ దాదాపు ఏమీ చెప్పదు. స్పామ్ ఏదో తెలియాలంటే ఆ ఇంటికి మామూలుగా వచ్చే మెయిల్ ఏదో కూడా తెలియాలి. రిపోర్ట్ ఎంత అవసరమో, తప్పు రిపోర్ట్ ఎంత చేటో ఈ లెక్కలోనే ఉంది.

ఆ చేటునూ లెక్కలో చూడవచ్చు. ఒక ఆఫీసులో "ఇన్వాయిస్" అన్న మాట 200 స్పామ్ మెయిళ్లలో 10 చోట్ల, 200 మంచి మెయిళ్లలో 90 చోట్ల ఉంది. దాని స్పామ్ మొగ్గు 0.10 మాత్రమే. బకాయి గుర్తుచేస్తూ సరఫరాదారులు పంపే మెయిళ్లతో విసిగిన సిబ్బంది, వాటిలో 60 మెయిళ్లను స్పామ్ అని గుర్తు పెట్టారు. స్పామ్ గుట్టలో ఇప్పుడు 260 మెయిళ్లు, వాటిలో 70 చోట్ల "ఇన్వాయిస్". ఆ మాట మొగ్గు 0.10 నుంచి 0.37కు ఎగబాకింది. కొన్నాళ్లకు కొత్త సరఫరాదారు పంపిన తొలి బిల్లు స్పామ్‌లో పడితే అందుకు కారణం ఎవరికీ గుర్తుండదు.

జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్ వంటి పెద్ద సేవల యంత్రాంగం దీనికంటే చాలా పెద్దది. కోట్ల ఖాతాల నుంచి వచ్చే సంకేతాలను అవి కలిపి చూస్తాయి కాబట్టి ఒక్కరి తప్పు రిపోర్ట్ అందరినీ తప్పుదారి పట్టించలేదు. అలాగే ఒక్కరి సరైన రిపోర్ట్‌తో ఆ స్పామ్ దేశమంతటా ఆగిపోదు. రిపోర్ట్ చేసినవారి సొంత ఖాతాలో దాని ప్రభావం త్వరగా కనబడుతుంది. మిగతావారి దాకా చేరాలంటే అలాంటి రిపోర్టులు చాలా జమ కావాలి.

## 24 మంది నొక్కితే చాలు

రిపోర్ట్ ఇంకో తరహాలోనూ పనిచేస్తుంది. మెయిల్ పంపిన డొమైన్‌పై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్న లెక్క నడుస్తుంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కొత్త నిబంధనలు అమలు చేస్తున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లకు మించి పంపేవారు పైన చెప్పిన మూడు తనిఖీలకూ ఏర్పాటు చేసుకోవాలి. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా మానేసే వీలు ఇవ్వాలి, మానేస్తామన్న కోరికను రెండు రోజుల్లో అమలు చేయాలి. స్పామ్ ఫిర్యాదుల రేటును 0.1 శాతం లోపు ఉంచుకోవాలని, 0.3 శాతానికి చేరనివ్వొద్దని గూగుల్ చెబుతోంది.

ఆన్‌లైన్లో పచ్చళ్లు అమ్మే ఒక చిన్న హైదరాబాదీ వ్యాపారం ఆవకాయ సీజన్లో ఒకే రోజు 8,000 మంది జీమెయిల్ ఖాతాదారులకు మెయిల్ పంపిందనుకుందాం. అందులో 0.1 శాతం అంటే ఎనిమిది మంది, 0.3 శాతం అంటే 24 మంది. కిందటేడాది గోంగూర పచ్చడి కొని, చెక్‌అవుట్‌లో "ఆఫర్లు పంపండి" అన్న గడిలో టిక్ పెట్టినవారిలో 24 మంది ఇప్పుడు విసుగుతో స్పామ్ నొక్కితే ఆ వ్యాపారం గీత దాటినట్టే. ఇదే తీరు కొనసాగితే ప్రచార మెయిళ్లే కాదు, అదే డొమైన్ నుంచి వెళ్లే "మీ పార్శిల్ బయల్దేరింది" మెయిళ్లు కూడా స్పామ్‌లో పడటం మొదలవుతుంది. పార్శిల్ కోసం ఎదురు చూస్తున్న వేరే కొనుగోలుదారుకు ఆ సంగతే తెలియదు.

అందుకే తానే చేరిన జాబితా నుంచి బయటపడటానికి సరైన దారి `Unsubscribe`. జీమెయిల్‌లో ఇది పంపినవారి పేరు పక్కనే కనబడుతుంది. మెయిల్ హెడర్‌లో పంపినవారు ఇచ్చిన సమాచారం ఆధారంగా జీమెయిలే చూపించే బటన్ ఇది. మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లింకుతో దీన్ని కలపకూడదు. ముక్కూమొహం తెలియనివారి మెయిల్‌లో ఆ అడుగు లింకు నొక్కితే, ఈ అడ్రసు వాడుకలో ఉంది, మనిషి చదువుతున్నాడు అన్న ధృవీకరణ పంపేవాడికి అందవచ్చు. చందా మానేసి రెండు మూడు రోజులు దాటినా మెయిళ్లు ఆగకపోతే అప్పుడు అది స్పామే. ఇక రిపోర్ట్ చేయడంలో తప్పు లేదు.

ఫిర్యాదుల రేటులో ఒక మెలిక కూడా ఉంది. గూగుల్ ఈ శాతాన్ని ఇన్‌బాక్స్‌కు చేరిన మెయిళ్ల మీద లెక్కిస్తుంది. 8,000 మెయిళ్లలో 6,000 ముందే స్పామ్ ఫోల్డర్‌కు పోతే మిగిలేది 2,000. అందులో ముగ్గురు ఫిర్యాదు చేస్తే రేటు 0.15 శాతమే. అంకె చిన్నదే కానీ పరిస్థితి ఏమీ బాగాలేదు. స్పామ్ ఫోల్డర్‌లో పడ్డదాన్ని మళ్లీ స్పామ్ అని ఎవరూ రిపోర్ట్ చేయలేరు కదా. బ్లాక్‌ను ముందు నొక్కడంలోని నష్టం కూడా ఇక్కడే ఉంది. బ్లాకైన అడ్రసు నుంచి వచ్చేవి కంటికి కనబడకుండానే స్పామ్‌లోకి జారిపోతాయి. వాటి గురించి ఆ మనిషి నుంచి రిపోర్ట్ అనే సాక్ష్యం ఇక అందదు. స్పామ్ అయితే ముందు రిపోర్ట్ చేయడం, ఆ తర్వాత కావాలంటే బ్లాక్ చేయడం సరైన వరుస.

## ఏ యాప్‌లో నొక్కారన్నదీ ముఖ్యమే

రిపోర్ట్ చేశామనుకున్నా అది మెయిల్ సంస్థకు చేరని సందర్భాలు ఉన్నాయి. జీమెయిల్ సొంత యాప్‌లోనో వెబ్‌లోనో నొక్కితే అనుమానం లేదు. వేరే ప్రోగ్రాముతో అదే ఖాతాను చదివేవారి విషయంలో తేడా వస్తుంది.

థండర్‌బర్డ్‌లో జంక్ గుర్తు పెడితే ప్రధానంగా నేర్చుకునేది ఆ కంప్యూటర్లోని థండర్‌బర్డ్ సొంత ఫిల్టరే. జంక్‌గా గుర్తించినదాన్ని సర్వర్ మీది స్పామ్ ఫోల్డర్‌కు తరలించేలా అమర్చి ఉంటే, సర్వర్‌తో ఎప్పటికప్పుడు సరిచూసుకునే ఐమ్యాప్ పద్ధతి ద్వారా ఆ తరలింపు జీమెయిల్‌కు తెలుస్తుంది, అది రిపోర్ట్‌గా లెక్కకు వస్తుంది. కంప్యూటర్లోని లోకల్ ఫోల్డర్‌కు తరలిస్తే సర్వర్‌కు తెలిసేది మెయిల్ అక్కడ లేదన్న సంగతి ఒక్కటే.

పాత పద్ధతి అయిన పాప్‌తో మెయిల్ దింపుకునే కార్యాలయాలు ఇంకా ఉన్నాయి. ఆడిటర్ల ఆఫీసుల్లో, ట్రేడింగ్ దుకాణాల్లో పదేళ్ల కిందట ఎవరో అమర్చిన ఔట్‌లుక్ అలాగే నడుస్తుంటుంది. పాప్‌లో మెయిల్ ఇటు రావడమే తప్ప అభిప్రాయం అటు వెళ్లే దారి లేదు. అక్కడ ఎంతకాలం జంక్ నొక్కినా ఫిల్టర్ తీరు మారదు. అలాంటి ఖాతాను వారానికోసారైనా బ్రౌజర్లో తెరిచి, అక్కడ రిపోర్ట్ చేయాలి.

సొంత డొమైన్‌తో నడిచే చిన్న సర్వర్లలో ఇంకో అడుగు తప్పిపోతుంటుంది. ఉద్యోగులు స్పామ్‌ను జంక్ ఫోల్డర్‌లోకి లాగుతారు. ఆ ఫోల్డర్‌ను ఫిల్టర్‌కు చూపించే ఏర్పాటు మాత్రం ఎవరూ చేసి ఉండరు. సర్వర్ చూసుకునేవారు స్పామ్‌అసాసిన్‌కు చెందిన ఈ తరహా ఆదేశాలను రోజూ నడిచేలా పెడితేనే పాఠం పూర్తవుతుంది:

```
sa-learn --spam ~/Maildir/.Junk/cur
sa-learn --ham  ~/Maildir/cur
```

ఫోల్డర్ దారులు సర్వర్‌ను బట్టి మారుతాయి. రెండో వరుసను వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. మంచి మెయిల్ నమూనాలు 200 చేరకపోతే, స్పామ్ వేలల్లో చూపించినా ఆ బేయిజ్ భాగం నిద్రలోనే ఉంటుంది. ఇన్‌బాక్స్‌లో స్పామ్ ఏరివేయకుండా రెండో వరుసను నడపడమూ ప్రమాదమే. ఏరని స్పామంతా మంచిదిగా నమోదైపోతుంది.

ఆఫీసు భద్రతా విభాగానికి అనుమానాస్పద మెయిల్ పంపేటప్పుడు మామూలుగా ఫార్వర్డ్ చేస్తే పాత హెడర్ పోతుంది, పంపినవారి స్థానంలో ఆ ఉద్యోగి పేరు చేరుతుంది. అందుకే అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేయమని అడుగుతారు. పాత ఖాతా నుంచి జీమెయిల్‌కు ఆటోమేటిక్ ఫార్వర్డ్ పెట్టుకున్నవారికీ ఒక హెచ్చరిక. జీమెయిల్‌కు ఆ మెయిళ్లను చివరిగా అందించింది పాత సర్వరే. ఆ దారిలో వచ్చే స్పామ్ పెరిగేకొద్దీ దాని పేరూ దెబ్బతినవచ్చు. వాటిని పాత ఖాతాలోనే రిపోర్ట్ చేయడం మేలు.

## పాఠంలో మిగతా సగం: "స్పామ్ కాదు"

ఇంటర్వ్యూ పిలుపు స్పామ్‌లో పడి, గడువు దాటాక కనబడిందన్న మాట ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్ల దగ్గర వినబడుతుంటుంది. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ వందల చోట్ల రెజ్యూమె పెట్టినవారికి అసలు కంపెనీల మెయిళ్లూ, డబ్బు కడితే ఉద్యోగం అనే నకిలీ మెయిళ్లూ కలిసే వస్తాయి. రెంటి మాటలూ ఒకేలా ఉంటాయి. ఫిల్టర్‌కు ఇది కష్టమైన చోటు.

స్పామ్ ఫోల్డర్‌లో పడ్డ మంచి మెయిల్‌ను తెరిచి చదివి ఊరుకుంటే ఫిల్టర్‌కు పొరపాటు స్పష్టంగా తెలియదు. `Not spam` నొక్కాలి. అప్పుడు అది ఇన్‌బాక్స్‌కు వస్తుంది, దిద్దుబాటు కూడా నమోదవుతుంది. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోని మెయిళ్లు 30 రోజుల తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి దిద్దుబాటుకు ఉన్న గడువు అంతే.

ఫలానా అడ్రసు మెయిల్ ఎప్పటికీ స్పామ్‌లో పడకూడదనుకుంటే జీమెయిల్ ఫిల్టర్లలో `Never send it to Spam` అన్న ఎంపిక ఉంది. ఇది బ్లాక్‌కు అద్దంలో బొమ్మ లాంటిది. రెండూ సొంత ఇన్‌బాక్స్‌కు ఇచ్చే ఆదేశాలే. అవతల "స్పామ్", "స్పామ్ కాదు" అన్నవి రెండూ అందరి ఫిల్టర్‌కు చెప్పే పాఠాలు. ఈ నాలుగింటినీ ఇలా రెండు జతలుగా విడదీసి చూస్తే ఎక్కడ ఏది నొక్కాలన్న గందరగోళం చాలావరకు తీరుతుంది.

## బ్లాక్ ఎవరికి

బ్లాక్ పనికిరాని బటన్ కాదు. అవతల నిజమైన మనిషి ఉండి, అదే అడ్రసు నుంచి రాస్తూ, ఆ మాటలు వద్దనుకున్నప్పుడు అదే సరైనది. మానేసిన కంపెనీలోని పాత సహోద్యోగి, తెగిపోయిన సంబంధంలోని వ్యక్తి, రోజుకు పది భక్తి ఫార్వర్డులు పంపే దూరపు బంధువు ఇలాంటివారు. వారి మెయిల్ స్పామ్ కాదు. దాన్ని రిపోర్ట్ చేస్తే ఒక మనిషి సొంత మాటలు, బహుశా కుటుంబ విషయాలు, ఫొటోలు విశ్లేషణ కోసం సంస్థకు చేరతాయి. ఫిల్టర్‌కు దాని నుంచి నేర్వదగినది ఏమీ ఉండదు. బ్లాక్ చేసినట్టు అవతలివారికి కబురు వెళ్లదు కూడా.

బ్యాంకు పేరుతో వచ్చే "కేవైసీ ఈరోజే అప్‌డేట్ చేయండి" తరహా మోసపు మెయిళ్లది మరో సంగతి. పేరు బ్యాంకుదే కనిపిస్తుంది, అడ్రసు ఊరూపేరూ లేనిదై ఉంటుంది. దాన్ని బ్లాక్ చేస్తే ఆ ఊరూపేరూ లేని అడ్రసు మాత్రమే ఆగుతుంది. ఒకవేళ బ్యాంకు అసలు అడ్రసునే నకలు చేసి పంపి ఉంటే, బ్లాక్ చేసినవారికి రేపటి నుంచి అసలు బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఇన్‌బాక్స్‌లో కనబడవు. ఇలాంటివాటికి మెనూలో విడిగా ఉన్న `Report phishing` వాడాలి. వద్దన్నా వచ్చే ప్రచారానికీ, పాస్‌వర్డ్ కాజేసే వలకూ తేడా అప్పుడు నమోదవుతుంది. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులు తమ సైట్లను bank.in డొమైన్‌కు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కాబట్టి, లింకులోని డొమైన్ పేరు చివర అది లేకపోతే అనుమానించడానికి అదొక ఆనవాలు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే మెయిల్ రిపోర్ట్ సరిపోదు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

## ఫోన్ సందేశాలకు వేరే దారి

ఎస్సెమ్మెస్‌లో కూడా ఇదే తేడా ఉంది. ఫోన్‌లో నంబరు బ్లాక్ చేస్తే ఆ ఫోన్‌కే శాంతి. ఫిర్యాదు 1909కి చేరితే టెలికాం సంస్థ పంపినవారి మీద చర్య తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం సందేశం వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. నమోదు కాని పంపకందారుపై పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య మొదలవుతుంది. వాట్సాప్‌లో రిపోర్ట్ చేసినప్పుడు ఆ నంబరు పంపిన చివరి ఐదు సందేశాలు సంస్థకు వెళ్తాయి. ఉత్తి బ్లాక్‌తో అవి వెళ్లవు.

## నేర్చుకుందని ఎలా తెలుస్తుంది

కూకట్‌పల్లి ఉద్యోగి దగ్గరకు తిరిగి వస్తే, ఇప్పుడు చేయాల్సింది పాత 14 బ్లాకులను తీసేయడం కాదు. అవి ఉన్నా నష్టం లేదు. ఇకపై కొత్త అడ్రసు నుంచి అదే వెంచర్ మెయిల్ వచ్చినప్పుడు, లోపలి లింకులేవీ తాకకుండా రిపోర్ట్ నొక్కడం. డిలీట్ మాత్రం చేయకూడదు. అక్కర్లేని మంచి మెయిళ్లనూ జనం రోజూ డిలీట్ చేస్తారు కాబట్టి, దాని నుంచి స్పామ్ అన్న మాట స్పష్టంగా వినబడదు. రిపోర్ట్ చేసేటప్పుడు జీమెయిల్ ఒక్కోసారి "రిపోర్ట్ చేసి, చందా కూడా మానేయాలా" అని అడుగుతుంది. గుర్తున్న కంపెనీ అయితే సరేననవచ్చు. ఎప్పుడూ వినని పేరైతే రిపోర్ట్ ఒక్కటే చాలు.

ఆ తర్వాత చూడాల్సిన చోటు స్పామ్ ఫోల్డరే. వారానికోసారి అక్కడి మెయిల్ తెరిస్తే పైన ఒక పట్టీలో అది అక్కడ ఎందుకుందో జీమెయిల్ చెబుతుంది. "గతంలో స్పామ్‌గా గుర్తించిన మెయిళ్లను పోలి ఉంది" అన్న అర్థంలో కారణం కనబడి, పంపిన అడ్రసు బ్లాక్ జాబితాలోని 14లో లేనిదైతే, ఫిల్టర్ అడ్రసును దాటి అసలు గుర్తులను పట్టుకుందని అర్థం. పంపేవాడు డొమైన్‌నూ సంతకాన్నీ కలిపి మార్చిన రోజున ఒకటి రెండు మెయిళ్లు మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి జారుతాయి. అప్పుడు మళ్లీ రిపోర్ట్ నొక్కాలి. ఈసారి ఫిల్టర్‌కు తెలియనిది కొత్త డొమైన్ ఒక్కటే. ప్రాజెక్టు సైటు లింకు, అడుగున ఉన్న ఫోన్ నంబరు దానికి ముందే పరిచయం.